మూడో తరగతి విద్యార్థుల తల్లిదండ్రులకు లేఖ: ఇంట్లో వాడదగిన చదువు యాప్‌లు

హైదరాబాద్,
ఏప్రిల్ 17

గౌరవనీయులైన తల్లిదండ్రులకు,

నమస్కారం. వచ్చే వారం నుంచి వేసవి సెలవులు మొదలవుతున్నాయి. మొన్న జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో మీలో చాలామంది దాదాపు ఒకే ప్రశ్న అడిగారు. పగలంతా ఎండ, తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్లాలి, పిల్లల చేతికి ఫోను ఇవ్వక తప్పదు. అలా ఇచ్చినప్పుడు చదువుకు పనికొచ్చేవి, భయం లేకుండా వాడుకోదగినవి ఏ యాప్‌లని అడిగారు. అక్కడ అందరికీ వివరంగా చెప్పే వీలు చిక్కలేదు కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను. ఇందులో చెప్పినవన్నీ ఉచితంగా దొరికేవి, ప్రకటనలు లేనివి. వీటన్నిటినీ ఫోనులో వేయనవసరం లేదు. ఒకటో రెండో ఎంచుకుని సెలవులు ముగిసేదాకా వాటినే వాడిస్తే, పది యాప్‌లు వేసి దేనిలోనూ నిలవకపోవడం కన్నా ఎక్కువ మేలు జరుగుతుందని నా అభిప్రాయం.

మొదటగా చెప్పవలసింది గూగుల్ వారి రీడ్ అలాంగ్. మన తరగతిలో చాలామంది పిల్లలకు గుణింతాలు వచ్చు, కానీ ఒత్తులున్న మాట రాగానే ఆగిపోతున్నారు. 'ఉష్ణం', 'రాష్ట్రం' వంటి మాటల దగ్గర అక్షరం అక్షరం కూడబలుక్కుని, వాక్యం చివరికి వచ్చేసరికి మొదట చదివింది మరిచిపోతున్నారు. ఈ లోపం గట్టిగా పైకి చదివితేనే పోతుంది. ఈ యాప్‌లో తెరమీద చిన్న కథ కనిపిస్తుంది, బిడ్డ దాన్ని పైకి చదువుతుంటే యాప్ వింటూ తప్పొప్పులు గుర్తిస్తుంది. తెలియని మాట మీద వేలు పెడితే దాన్ని పలికి వినిపిస్తుంది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు నాలుగూ ఇందులో ఉన్నాయి కాబట్టి మన తరగతిలోని ఏ ఇంటి పిల్లలకైనా పనికొస్తుంది. కథలను ఒకసారి దించుకున్నాక ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది. బిడ్డకు ఇచ్చే ముందు మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేసి ఇవ్వవచ్చు. అందుకే నేను దీన్ని అన్నిటికన్నా ముందు పెట్టాను.

పాఠాల విషయానికి వస్తే, ప్రభుత్వం 2017లో ప్రారంభించిన దీక్షా యాప్ మీ చేతిలోని పాఠ్యపుస్తకంతోనే ముడిపడి ఉంది. పుస్తకంలో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను ఆ యాప్‌లోని స్కానర్‌తో చూపిస్తే, దానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు తెరుచుకుంటాయి. పేజీ నలిగి కోడ్ స్కాన్ కాకపోతే, దాని కిందనే ఉన్న ఆరు అక్షరాల సంకేతాన్ని టైపు చేసినా సరిపోతుంది. కొన్ని వీడియోలు పిల్లలకు విసుగు పుట్టిస్తాయి, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా భాగహారం అర్థం కాని బిడ్డకు అదే పాఠాన్ని మళ్లీ మళ్లీ వినిపించడానికి ఇది బాగా ఉపకరిస్తుంది.

కథలంటే ఇష్టపడే పిల్లలకు ప్రథమ్ బుక్స్ సంస్థ వారి స్టోరీవీవర్ ఉంది. ఫోనులోని బ్రౌజర్‌లో storyweaver.org.in అని టైపు చేస్తే చాలు. తెలుగు బొమ్మల కథలను స్థాయిల వారీగా ఎంచుకోవచ్చు; మన పిల్లలను రెండో స్థాయితో మొదలుపెట్టించండి. లెక్కలకు, గడియారం చూడటానికి, డబ్బు లెక్కపెట్టడానికి జీకాంప్రి అనే యాప్‌లో చిన్న చిన్న ఆటలున్నాయి. ప్లే స్టోర్‌లో GCompris అని వెతకండి. ఇంట్లో ఇంకా బడికి రాని చెల్లెలో తమ్ముడో ఉంటే ఖాన్ అకాడమీ కిడ్స్ వారికి సరిపోతుంది. అది రెండు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం తయారైంది, ఇంగ్లీషులో ఉంటుంది. యూట్యూబ్ కిడ్స్ గురించి కూడా కొందరు అడిగారు. దాన్ని నేను చదువు యాప్‌గా లెక్కపెట్టను, ఎందుకంటే అక్కడ బిడ్డ చేసే పని చూడటం ఒక్కటే.

ఇక జాగ్రత్తల సంగతి. మంచి యాప్ ఎంచుకోవడంతో మన పని తీరదు. సమావేశంలో ఒక తల్లి తన ఫోనులోని ఎక్కాల ఆట నాకు చూపించారు. మూడు లెక్కలు చేయగానే తెర నిండా ప్రకటన వస్తోంది. దాన్ని మూసే గుర్తు పై మూలన ఆవగింజంత ఉంది; బిడ్డ వేలు కాస్త పక్కకు పడగానే ఇంకో ఆటను వేసుకోమనే పేజీ తెరుచుకుంటోంది. ఇలాంటివి వేయకముందే తెలుసుకునే మార్గం ఉంది. ప్లే స్టోర్‌లో యాప్ పేరు కిందనే ప్రకటనలు ఉన్నాయా, లోపల డబ్బు పెట్టి కొనవలసినవి ఉన్నాయా అన్నది రాసి ఉంటుంది. ఇంకాస్త కిందికి వెళితే డేటా సేఫ్టీ అనే భాగంలో ఆ యాప్ ఏ సమాచారం సేకరిస్తుందో చెబుతారు. బిడ్డ చదివేది వినడానికి మైకు అడిగితే అర్థముంది, క్యూఆర్ కోడ్ కోసం కెమెరా అడిగినా అర్థముంది. ఎక్కాల ఆటకు మీ కాంటాక్టులు, మీరున్న చోటు ఎందుకు? అలా అడిగే యాప్‌ను తీసేయండి. ఒకే పేరుతో నకళ్లు కూడా ఉంటాయి కాబట్టి తయారుచేసిన సంస్థ పేరు తప్పక చూడండి.

మనలో ఎక్కువమంది ఇళ్లలో పిల్లలకు విడిగా ఫోను ఉండదు, అమ్మదో నాన్నదో ఇస్తారు. అదే ఫోనులో ఫోన్‌పే, గూగుల్ పే, ఆఫీసు వాట్సాప్ అన్నీ ఉంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ విభాగం కింద యాప్ పిన్నింగ్ లేదా స్క్రీన్ పిన్నింగ్ అని ఒక సదుపాయం ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, బయటికి రావడానికి పిన్ నంబరు అడిగేలా పెట్టి, చదువు యాప్‌ను పిన్ చేసి ఇస్తే, బిడ్డ ఆ యాప్ దాటి ఇంకెక్కడికీ వెళ్లలేడు. ప్లే స్టోర్‌లో కొనుగోళ్లకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా కూడా మార్చుకోండి. ఆ పిన్, పాస్‌వర్డ్ పిల్లలకు తెలియనివ్వకండి. వారు మనం నొక్కేటప్పుడు పక్కనుంచి చూసి పట్టేస్తారు!

ఉచితంగా చూడమని మొదలుపెట్టి, తర్వాత ఫోన్లు చేసి కోర్సులు అంటగట్టే సంస్థల విషయంలో ఆచితూచి వ్యవహరించండి. ఖాతా నుంచి డబ్బు దానంతటదే పోయే ఆటో డెబిట్‌కు ఒప్పుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులకు సూచించింది. మూడో తరగతికి డబ్బు కట్టవలసిన యాప్ ఏదీ అవసరం లేదు, మా పాఠశాల తరఫున అలాంటిదేదీ ఎవరికీ సిఫారసు చేయలేదు. మా పేరు చెప్పి ఎవరైనా ఫోను చేస్తే నాకు తెలియజేయండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి.

రోజుకు అరగంట చాలు. అది కూడా ముందు గదిలో, పెద్దవాళ్లు వింటుండగా అయితే మంచిది. తాతయ్య, నానమ్మ ఉన్న ఇళ్లలో బిడ్డ చదివే కథను వారిని వినమనండి. భోజనం చేసేటప్పుడు, పడుకునే ముందు ఫోను వద్దు. ఫోను ఇవ్వడం కుదరని ఇళ్లవారు దిగులు పడవద్దు, తరగతి గ్రంథాలయం నుంచి ప్రతి బిడ్డకూ రెండు కథల పుస్తకాలు సెలవులకు ఇస్తున్నాం.

చివరి పనిదినం వరకు రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఐదు గంటల దాకా తరగతి గదిలోనే ఉంటాను. యాప్ వేసుకోవడం గానీ, పిన్ చేయడం గానీ తెలియనివారు ఫోను తీసుకుని వస్తే దగ్గరుండి చేసి చూపిస్తాను. వచ్చేటప్పుడు మీ గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తుంచుకుని రండి.

ఇట్లు,
తరగతి ఉపాధ్యాయురాలు,
మూడో తరగతి, 'బి' విభాగం