‘మెట్టు’ యాప్: మూడు నిమిషాల వీడియో ప్రకటన స్క్రిప్ట్

(మార్కాపురం. రాత్రి ఎనిమిది. పలకల షెడ్డు పక్కన చిన్న ఇల్లు. చేతుల మీది రాతి పొడి కడుక్కుని తమ్ముడు అరుగు మీద కూర్చుంటాడు. ఎదురుగా పాత గ్రూప్-2 ప్రశ్నపత్రం, ఫోను. అక్క అన్నం కంచం తెచ్చి పక్కన పెడుతుంది.)

అక్క: ఎన్నొచ్చాయిరా?

తమ్ముడు: ఎనభై నాలుగు రైటయ్యాయి అక్కా. నూట యాభైకి ఎనభై నాలుగంటే బాగానే వచ్చినట్టే కదా.

అక్క: తప్పులెన్ని?

తమ్ముడు: యాభై నాలుగు. పన్నెండు వదిలేశా.

అక్క: తప్పుకి మూడో వంతు మార్కు కోత. యాభై నాలుగుకి పద్దెనిమిది పోయాయి. నీకొచ్చింది అరవై ఆరు.

(తమ్ముడు కంచం పక్కకి జరుపుతాడు.)

తమ్ముడు: హైదరాబాద్ వెళ్లి కోచింగ్ తీసుకుంటే బాగుండేదేమో అక్కా. హాస్టల్‌కీ ఫీజుకీ నాయన దగ్గర డబ్బు లేదని నాకు తెలుసు. అయినా రాత్రిళ్లు అదే టెన్షన్.

అక్క: అన్నం తిను ముందు. ఆ యాభై నాలుగూ ఎక్కడ తప్పాయో చూద్దాం.

(ఫోను తెర దగ్గరగా. ‘మెట్టు’ యాప్‌లో అతని పేపర్ ఫలితం. తప్పులు సబ్జెక్టులవారీగా విడిపోయి కనిపిస్తాయి. సగానికి పైగా రాజ్యాంగంలోనే. అక్క ‘పంచాయతీరాజ్’ పాఠం నొక్కుతుంది.)

పాఠం చెప్పే మేడమ్ (తెర మీద, బ్లాక్‌బోర్డు ముందు): 73వ సవరణతో 11వ షెడ్యూల్ వచ్చింది. అందులో 29 అంశాలున్నాయి. బట్టీ పట్టకండి. మీ ఊళ్లో నడుచుకుంటూ వెళ్లండి. తాగునీటి ట్యాంకు ఒకటి, సిమెంటు రోడ్డు ఒకటి, కరెంటు స్తంభం ఒకటి, బడి ఒకటి. ఊరు చివరికొచ్చేసరికి సగం జాబితా మీకు కళ్లతో కనిపిస్తుంది.

(తమ్ముడు మొదటిసారి నవ్వుతాడు. మేడమ్ బోర్డు వదిలి కెమెరా వైపు తిరుగుతుంది. ఇక్కడి నుంచి ఆమె నేరుగా మాట్లాడుతుంది. వెనక సంగీతం ఉండదు.)

మేడమ్: ఇది ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2 కోర్సు. ప్రిలిమ్స్, మెయిన్స్ రెండు పేపర్లు, అన్నీ తెలుగులో. మొత్తం 286 పాఠాలు, 40 ప్రాక్టీస్ పేపర్లు. నెగటివ్ మార్కులు లెక్కగట్టే ఫలితం చూపిస్తాం.

లేనివి కూడా వినండి. సైన్స్ అండ్ టెక్నాలజీలో 42 పాఠాలు చెప్పాలనుకున్నాం, ఇప్పటికి 29 అయ్యాయి. మిగతావి రికార్డింగ్‌లో ఉన్నాయి. గ్రూప్-1 మెయిన్స్‌లో రాసే వ్యాసాలకు ఇందులో ఏమీ లేదు. తెలంగాణ గ్రూప్-2 సిలబస్ వేరు. అక్కడ ఉద్యమ చరిత్రకే ఒక పేపర్ ఉంది, ఆ కోర్సు మా దగ్గర లేదు. తెలంగాణ తమ్ముళ్లూ చెల్లెళ్లూ దయచేసి ఇది కొనకండి.

ఉద్యోగం వస్తుందని మేం చెప్పం. పోస్టులు కొన్నే, రాసేవాళ్లు లక్షల్లో. ఆ మాట ఎవరు గ్యారంటీగా చెప్పినా నమ్మకండి.

గడువు సంగతి మాత్రం గట్టిగా చెప్పగలను. గత గ్రూప్-2 ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగింది. మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న. మధ్యలో దాదాపు ఏడాది. ఏడాదికని కోర్సు కొన్నవాళ్లకు సరిగ్గా పరీక్ష ముందు పాఠాలు ఆగిపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలా ఫోన్ చేసి ఏడ్చిన పిల్లలతో మాట్లాడాను. అందుకే మా కోర్సుకు నెలల లెక్క లేదు. ఫీజు 2,400 రూపాయలు ఒక్కసారి కడితే, వచ్చే నోటిఫికేషన్ మెయిన్స్ రాసే రోజు దాకా అది మీదే. వాయిదా పడితే గడువూ దాంతోపాటే పెరుగుతుంది. నచ్చకపోతే పది రోజుల్లోపు చెప్పండి, మొత్తం డబ్బు వెనక్కిస్తాం.

సిగ్నల్ సరిగా లేని ఊళ్లకు ప్రతి పాఠం ఆడియోగా కూడా ఉంది. ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా వినొచ్చు. డౌట్ అడిగితే పాఠం చెప్పిన టీచరే రెండు రోజుల్లో రాసి పంపుతారు. ఆదివారం మాత్రం పంపలేం.

(మళ్లీ అరుగు. తమ్ముడు ఫోనులో ఫీజు కట్టే పేజీ తెరుస్తాడు. అక్క చెయ్యి అడ్డం పెడుతుంది.)

అక్క: ఆగు. రాజ్యాంగం పాఠాలు మొదటి ఇరవై ఫ్రీగానే ఉన్నాయిగా. అవి విను. పాత పేపర్లు కమిషన్ సైట్‌లో ఉంటాయి, వాటికి ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు. వారం తర్వాత ఇంకో పేపర్ రాయి. అప్పుడు కూడా కావాలనిపిస్తే నాయనతో నేను మాట్లాడతా.

తమ్ముడు: అరవై ఆరు దాటకపోతే?

అక్క: ఆ తప్పులూ ఇద్దరం కూర్చుని చూద్దాం. ముందు తిను, చల్లారిపోతోంది.

(తమ్ముడు కంచం దగ్గరికి లాక్కుంటాడు. చెవిలో ఇయర్‌ఫోన్. మేడమ్ గొంతు సన్నగా: “ఊరి మొదట్లో తాగునీటి ట్యాంకు…”)

(తెర మీద అక్షరాలు: మెట్టు. ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2, తెలుగులో. రాజ్యాంగం మొదటి 20 పాఠాలు, 2 ప్రాక్టీస్ పేపర్లు ఉచితం. ఫోన్ నంబర్ అడగం. పాత ప్రశ్నపత్రాలకు: psc.ap.gov.in)