లేత ముంజె

చింటూగాడికి సమ్మర్ హాలిడేస్ హోంవర్క్‌లో ఇరవై పదాలకి అర్థాలు రాయమన్నారు, అమ్మమ్మగారి ఊరొచ్చాక కూర్చుని పంతొమ్మిది రాసేశాడు, ఒక్కటే మిగిలింది. ఉదారం.

తాతయ్యని అడిగితే "దొడ్డ మనసురా" అన్నారు. మనసు దొడ్డదో చిన్నదో ఎలా తెలుస్తుంది మరి? ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు, లబ్ డబ్ తప్ప ఏం తెలీలేదు.

ఇంతలో వీధిలో "ముంజెలోయ్ ముంజెలు!" అని సైకిల్ అతను వచ్చాడు. తాతయ్య ఒక డజను కాయలు కొని కత్తితో పైన చెక్కించారు. చెక్కితే కాయలో మూడు కళ్ళు కనిపిస్తాయి కదా, బొటనవేలు పెట్టి నొక్కితే చివుక్కుమని నీళ్ళు మొహం మీదకే కొడతాయి. చింటూగాడు ముంజెలన్నీ తీయించుకుని, ఒక్కోటీ నొక్కి చూసి, జెల్లీలా మెత్తగా ఉన్నవన్నీ తన గిన్నెలో వేసుకున్నాడు.

గేటు దగ్గర పక్కింటి లచ్చి నిలబడి చూస్తోంది.

"ఆ పిల్లకీ పెట్టరా" అంది అమ్మమ్మ.

వాడు బాగా వెతికి వెతికి రాయిలా ఉన్న ముదురుది ఒకటి తీసి ఇచ్చాడు. లచ్చి నవ్వి తీసుకుంది. వీడు లోపలికి పరిగెత్తి నోట్‌బుక్‌లో రాసేశాడు: ఉదారం అంటే ఇవ్వడం. హోంవర్క్ ఫినిష్!

మర్నాడు మధ్యాహ్నం చెరువు గట్టు మీద ఆడీ ఆడీ వాడికి నోరెండిపోయింది. తాటిచెట్టు నీడలో లచ్చీ వాళ్ళ తమ్ముడూ కూర్చుని ఉన్నారు, ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్క కాయే. "రా చింటూ" అని పిలిచింది లచ్చి. మూడు ముంజెలూ తీసి నొక్కి చూసింది. అన్నిట్లోకీ లేతది తీసుకుని, వగరుగా ఉంటుందని పైన పొట్టు కూడా గోటితో ఒలిచి చింటూ చేతిలో పెట్టింది. రెండోది తమ్ముడికి. మిగిలిన ముదురుది తను పళ్ళతో గీరుకుని తింటోంది.

"అది గట్టిగా ఉంది కదా?" అన్నాడు వీడు.

"నాకు అలవాటేలే. నువ్వు తింటే కడుపునొప్పొస్తాది."

ముంజె చల్లగా, తియ్యగా గొంతులోకి జారింది కానీ వాడికి మాత్రం నిన్న తను ఇచ్చిన ముదురుదే గుర్తొచ్చింది.

ఇంటికెళ్ళగానే రబ్బరు తీసి నిన్న రాసింది చెరిపేశాడు, ఎంత గట్టిగా అంటే పేజీ కాస్త చిరిగింది కూడా. తర్వాత వంటింట్లోకెళ్ళి, తాతయ్య ఆ పూట కొన్న ముంజెలు ముందేసుకుని కూర్చుని లేతవి ఏరడం మొదలుపెట్టాడు. ఏరినవాటికి గోటితో పొట్టు తీస్తుంటే సగం చితికిపోయాయి, అయినా తీశాడు.

"అర్థం రాయవేంట్రా?" అన్నారు తాతయ్య.

"వచ్చి రాస్తా తాతయ్యా!" అని గిన్నె పట్టుకుని లచ్చి వాళ్ళింటి వైపు పరుగు, ముంజెల నీళ్ళు చొక్కా నిండా ఒలుకుతున్నా ఆగకుండా.