గ్రూపులో వచ్చిన ఆ ఫొటో సంగతి

ఒరేయ్ మామా,

టాక్‌బ్యాక్ నీకు "ఫొటో" అని ఒక్క ముక్క చదివి, తర్వాత పద్నాలుగు సార్లు "ఏడుస్తూ నవ్వుతున్న ముఖం" అని చదివి ఉంటుంది. "ఏమైందిరా, ఎందుకు చస్తున్నారు" అని నువ్వడిగితే ఇంకో నాలుగు ముఖాలు వచ్చాయి తప్ప ఒక్కడూ చెప్పలేదు. నాదీ తప్పే, అప్పుడు బస్సులో వేలాడుతున్నా. ఇప్పుడు రూముకొచ్చా, తీరిగ్గా చెప్తా. ఎమోజీలు ఒక్కటి కూడా పెట్టను, హాయిగా విను.

ఇది మన సత్తిగాడి మీద. మొన్న ఆదివారం భోజనాల దగ్గర పాతావకాయ మీద వాడు దంచిన ఉపన్యాసం ఉంది చూడు, అది బుర్రలో పెట్టుకో.

ఫొటో మనవాళ్లు తీసింది కాదు. 2015లో స్పెయిన్‌లోని జిరోనాలో ఒక ఫొటోగ్రాఫర్ అమ్మకానికి తీసిన ఫొటో. 2017 నుంచీ ప్రపంచమంతా అందులోని ముగ్గురి మీద తోచిన పేర్లు రాసుకుని నవ్వుకుంటోంది. పేర్లు తర్వాత చెప్తా, ముందు మనుషులు.

పట్టపగలు, వీధి. గళ్ల చొక్కా కుర్రాడొకడు గర్ల్‌ఫ్రెండ్ చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. ఎర్ర గౌనులో ఇంకో అమ్మాయి వాళ్లని దాటి వెళ్లిపోయింది. వీడు మెడ మొత్తం వెనక్కి తిప్పి ఆమెనే చూస్తున్నాడు. ఎలాగంటే, నీతో సీరియస్‌గా మాట్లాడుతున్నవాడి గొంతు ఉన్నట్టుండి పక్కకి తిరిగిపోయి, వాక్యం సగంలో ఆగిపోతుంది చూడు, "ఆ... అదే... ఏంటంటే..." అని, అచ్చం అలా. మూతి ఈల వేయబోతున్నట్టు సున్నా చుట్టి ఉంది.

గర్ల్‌ఫ్రెండ్ వీణ్ణే చూస్తోంది, నోరు తెరుచుకుని. కోపం ఇంకా మాటల్లోకి రాలేదు, అవాక్కయిన దశలోనే ఉంది. మీ అమ్మగారు "హవ్వ!" అని ఊపిరి లోపలికి లాక్కుంటారే, ఆ తర్వాత రెండు సెకన్లు వంటింట్లో గిన్నె చప్పుడు కూడా ఉండదే, ఆ రెండు సెకన్లే ఈ పిల్ల ముఖం. ముగ్గురూ మోడల్సే కాబట్టి అంతా మన ఊరి నాటకంలోలా ఒక పిసరు ఎక్కువే చేశారు. ఎర్ర గౌను పిల్లకి మాత్రం వెనక ఇంత రామాయణం జరుగుతోందని తెలియనే తెలియదు. ముఖం కూడా మసగ్గానే పడింది.

ఇప్పుడు పేర్లు. కుర్రాడి మీద "సత్తిగాడు" అని రాశారు. గర్ల్‌ఫ్రెండ్ మీద "పోయినేటి ఆవకాయ". ఎర్ర గౌను మీద "మూడో రోజు కూడా కాని కొత్తావకాయ".

నీకు తెలియని సంగతొకటి: నిన్న సాయంత్రం సత్తిగాడి ఊరి నుంచి బస్సులో కొత్త జాడీ దిగింది. వాసనకి మెట్ల మీదే నోరూరింది. మూడో రోజు తిరగ కలిపేదాకా ముట్టుకోవద్దని వాళ్లమ్మగారు ఫోన్‌లో ఒకటికి రెండుసార్లు చెప్పారు. రాత్రి పదకొండింటికి లైటేసి చూస్తే వీడు జాడీకి కట్టిన గుడ్డ విప్పుతూ దొరికాడు. పట్టుకున్నది నేనే. ఎరుపు అంటే నువ్వు చూసిన రంగు కాదు, కానీ కొత్త కారం ముక్కులోకి ఎక్కగానే కళ్లు మూసుకుపోతాయి కదా, ఫొటోలో ఆ గౌను సరిగ్గా ఆ పనే చేస్తోంది. మిగతా వీధంతా వెలిసిపోయినట్టుంటుంది.

ఇంతవరకే అయితే నేనూ ఒక ముఖం పడేసి ఊరుకునేవాణ్ణి. ఇంకొకటుంది. వాడు అంతలా అటు తిరిగిపోయినా, గర్ల్‌ఫ్రెండ్ చెయ్యి మాత్రం వదల్లేదు. చూపు అక్కడ, చెయ్యి ఇక్కడ. పట్టుకున్న ఆ రెండు చేతుల మీద చిన్న అక్షరాల్లో నాలుగో పేరు రాశారు. నేను కూడా పెద్దది చేసి చూస్తే గానీ కనపడలేదు. అక్కడ ఏముందంటే:

"కానీ అడుగున ఊట ఉంటుంది చూడూ..."

వాడి గొంతులోనే వినపడిందా? ఆ "చూడూ" సాగదీయడం కూడా అలాగే రాశారు, రెండు దీర్ఘాలతో. ఆదివారం కళ్లు మూసుకుని, ముద్ద చేతిలో పట్టుకుని, పాతావకాయ ముందు ఏదీ నిలవదని పావుగంట చెప్పి చివర్న అన్నది ఇదే కదా.

సత్తిగాడు మెసేజ్ చూశాడు, నోరు మాత్రం విప్పలేదు. నువ్వో పని చెయ్. మీ అమ్మగారి "హవ్వ!" నువ్వు బాగా దింపుతావు. అదొక్కటీ వాయిస్‌లో పెట్టి, ఆ ఫొటోకే రిప్లై కొట్టు. ఇంకేం మాట్లాడకు.