ఉగాది నోట్‌బుక్కుల అట్టలకు ప్రాంప్టులు

తమ్ముడూ, ఈ ఉగాదికి మన బైండింగ్ షాపు నుంచి వచ్చే ఐదు పుస్తకాలకూ బొమ్మల ప్రాంప్టులు కింద రాశాను. ఉన్నవి ఉన్నట్టు బొమ్మలు వేసే ఏఐ టూల్‌లో పేస్ట్ చేసేయ్. ముందు "అన్నిటికీ" అన్న ముక్క, దాని కిందే ఏ పుస్తకానిదైతే ఆ ముక్క పెట్టాలి. 4, 5 పుస్తకాలకు మాత్రం "అన్నిటికీ" ముక్కలోంచి వాటితో పొసగని మాటలు తీసేయ్.

పోయినసారి టూల్ తనంతట తాను అట్ట మీద ఏవో గజిబిజి అక్షరాలు వేసింది. వాటిని చెరిపి "జ్ఞాపకాలు" అని పెడితే, జ కింద వత్తు పట్టక అట్ట పువ్వుల మీదికి దిగిపోయింది. అందుకే ఈసారి పేరు మనమే విడిగా, ఎంబాస్ చేసినట్టు పైకి లేచి కనిపించేలా పెడదాం. బొమ్మలో కావాల్సింది దానికి సరిపోయే చోటు మాత్రమే.

అన్నిటికీ

నిజమైన ఫొటోలా ఉండాలి. ఒకే ఒక నోట్‌బుక్ చెక్క బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. ముందు అట్ట పూర్తిగా కనిపించాలి. కెమెరా కాస్త పైనుంచి, పుస్తకం ఎడమ కింది మూల వైపు నుంచి చూస్తోంది. అందువల్ల ఎడమ పక్కన వెన్ను మొత్తం, కింది వైపున పేజీల అంచులు కూడా కనిపిస్తాయి. పుస్తకం ఏ5 సైజు, 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 మిల్లీమీటర్ల ఎత్తు. లోపల 192 పేజీలు. అట్టలతో కలిపి మందం దాదాపు 15 మిల్లీమీటర్లు. అంతకంటే లావుగా, నిఘంటువులా కనిపించకూడదు. అట్ట పేజీల కంటే రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. కాగితం తెల్లగా మెరిసేది వద్దు, లేత మీగడ రంగులో ఉండాలి. అంచుల్లో కాగితాల గీతలు విడివిడిగా తెలియాలి, ఒక దిమ్మలా కలిసిపోకూడదు. వెలుతురు ఎడమ పై మూల నుంచి, బాగా వాలుగా, ఉదయం కిటికీలోంచి పడినట్టు రావాలి. అట్ట మీద అక్షరాలు, అంకెలు, లోగో, సంతకం, చీటీ ఏవీ ఉండకూడదు. పేరుకు వదిలిన చోట నేత గానీ తోలు గానీ చెక్క గానీ మామూలుగా కనిపించాలి, అంతకుమించి ఏమీ వద్దు. ఫ్రేము నిష్పత్తి 4:5.

(వెలుతురు సంగతి మాత్రం మార్చొద్దు. ఎంబాసింగ్ అంటే రంగు కాదు, నీడ. ఎదురుగా వెలుతురు పడితే అక్షరం లేచినట్టే తెలియదు. తర్వాత పేరు పెట్టేటప్పుడు నీడను కూడా కుడి కిందికే వేస్తాను, రెండూ కలిసిపోతాయి.)

1. ఎర్ర ఖాతా పుస్తకం

కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన ఉండే ఖాతా పుస్తకాన్ని గుర్తుచేసే నోట్‌బుక్. అట్టకు ముదురు ఎరుపు కాలికో గుడ్డ. గుడ్డ నేత దగ్గరగా చూస్తే తెలుస్తుంది, మెరుపు లేదు. వెన్ను కూడా అదే గుడ్డ. వెన్నుకూ అట్టకూ మధ్య పుస్తకం తెరవడానికి ఉండే పల్లం స్పష్టంగా కనిపించాలి. వెన్ను కింది కొనలో ఎరుపు, తెలుపు దారాల సన్నని హెడ్‌బ్యాండ్. ముందు అట్ట నాలుగు మూలలా బొటనవేలితో అద్దినట్టు పసుపు, ప్రతి పసుపు మధ్యా చిన్న కుంకుమ బొట్టు. పసుపు అచ్చుగుద్దినట్టు నాలుగు చోట్లా ఒకేలా ఉండకూడదు. ఒక మూల కొంచెం ఎక్కువ పడాలి, ఒక మూల గుడ్డ నేతలోకి ఇంకినట్టుండాలి, ఒకచోట వేలిముద్ర గీతలు లీలగా కనిపించాలి. పుస్తకం పక్కన బల్ల మీద రెండు మూడు పసుపు రేణువులు రాలి ఉన్నాయి. అట్ట పైనుంచి మూడో వంతు దగ్గర, మధ్యలో, 90 మిల్లీమీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల ఎత్తున గుడ్డ పూర్తిగా ఖాళీగా ఉంది. అక్కడ పసుపు మరక, మడత, నీడ ఏవీ పడలేదు. పేజీల అంచులు ఎరుపు అట్టల మధ్య మీగడ రంగులో, సూటిగా కోసినట్టు ఉన్నాయి.

(ఇక్కడ "శ్రీ" వస్తుంది. దాని క్రావడి కిందికి దిగి ఎడమ పక్కకు తిరుగుతుంది కాబట్టి అక్షరం ఎత్తుకు రెట్టింపు చోటు అడిగాను. మా తాతగారి కొట్టులో ఉగాది నాడు కొత్త పుస్తకానికి పసుపు పెట్టే పని నాది. చెయ్యి తుడుచుకోకుండానే పేజీ తిప్పేవాడిని. ఆ వేలిముద్ర అక్కడి నుంచే వచ్చింది. ఈ ఒక్క బొమ్మను ఎన్నిసార్లు మళ్ళీ వేయించినా పర్వాలేదు, సరిగ్గా వచ్చేదాకా వదలొద్దు.)

2. పెడన కలంకారీ, "జ్ఞాపకాలు"

అట్టకు కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ నూలు గుడ్డ. నేల రంగు లేత గోధుమ. మీద మంజిష్ఠ ఎరుపు, నలుపు, కొంచెం నీలం రంగుల్లో తీగలు, పువ్వులు. చేత్తో అద్దిన పని కాబట్టి ఒకటి రెండు చోట్ల అచ్చు వెంట్రుకవాసి పక్కకు జరిగి, గీత చుట్టూ సన్నని నేల రంగు సందు కనిపిస్తుంది. అట్ట పైభాగమూ కిందిభాగమూ ఈ గుడ్డే. నడుమ అడ్డంగా 60 మిల్లీమీటర్ల ఎత్తున ముదురు గోధుమ రంగు సాదా తోలు పట్టీ ఉంది. ఆ పట్టీ వెన్ను మీదుగా వెనక్కి చుట్టుకుని వెళ్తుంది. తోలు నున్నగా, ఖాళీగా ఉంది. పట్టీ అంచు దగ్గర గుడ్డ ఒక దారపు మందం కిందికి దిగినట్టు తెలుస్తుంది. పేజీల మధ్యలోంచి మంజిష్ఠ రంగు రిబ్బన్ కింది వైపు బయటికి వేలాడుతోంది.

(పువ్వుల మీద ఎంబాస్ చేస్తే కంటికి ఆనదు. పట్టీ అందుకే.)

3. మంగళగిరి నేత, "కవిత్వం"

అట్టకు ఆకుపచ్చ మంగళగిరి నూలు గుడ్డ, బుటా ఏదీ లేదు. వెన్ను పక్కనే పైనుంచి కిందిదాకా సన్నని జరీ అంచు నిలువుగా నడుస్తుంది. జరీ మీద వాలు వెలుతురు ఒకచోట మాత్రమే మెరుస్తుంది. మిగతా అట్టంతా ఖాళీ. పేజీల అంచులు కత్తితో కోసినవి కావు, చేతి కాగితంలా కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

4. తాటాకు కొలత, "మూలికలు"

ఈ ఒక్కటీ అడ్డం పుస్తకం: 240 మిల్లీమీటర్ల పొడవు, 90 మిల్లీమీటర్ల ఎత్తు. ఫ్రేము కూడా అడ్డంగా, 5:4. తాటాకు గ్రంథాలకు పైనా కిందా పెట్టే చెక్క పలకల్లా, పాతబడిన టేకు రంగులో రెండు అట్టలు. వెన్నుకు గుడ్డ వెయ్యలేదు. మడతలు, వాటిని కలిపి కుట్టిన మైనం దారం, దారం ముడి బయటికే కనిపిస్తాయి. దారం తెల్లగా కాదు, కొబ్బరి పీచు రంగులో. పై పలక మీద కుడివైపు సగం పూర్తిగా ఖాళీ. చెక్క రేఖలు ఆ సగంలో పలచగా, సూటిగా సాగాలి, కణుపు ఉండకూడదు. ఎడమ సగంలో ఒక చిన్న కణుపు ఉండొచ్చు. నిజమైన తాటాకులు, ఘంటం, దీపం లాంటివి పక్కన పెట్టొద్దు. కాగితాల అంచులు లేత పసుపుగా, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆకుల్లా ఉండాలి.

(చెక్క మీద పేరు పైకి లేవదు, లోపలికి దిగుతుంది. నీడ తిరగేసి వెయ్యాలని నాకు గుర్తుచెయ్యి.)

5. పోచంపల్లి సెట్

ఈసారి పుస్తకం ఒక్కటే కాదు: జేబు డైరీ, ఐదు కవర్లు, ఒక పెన్సిల్. డైరీ ముందు, కవర్లు దాని వెనక విసనకర్రలా పరిచి ఉన్నాయి, పెన్సిల్ వెన్నుకు సమాంతరంగా పడి ఉంది. డైరీ అట్టకు ఎరుపు, తెలుపు, నలుపు పోచంపల్లి ఇక్కత్ గుడ్డ. నెయ్యకముందే దారానికి ముడులు కట్టి రంగు వేస్తారు కాబట్టి డిజైన్ అంచులు కత్తిరించినట్టు ఉండవు, ఈకల్లా పక్కకు పాకుతాయి. అట్ట కింది మూడో వంతు సాదా నలుపు గుడ్డ, అది ఖాళీ. కవర్లు లేత బూడిద రంగువి, వాటి మడత నాలిక మీద ఒక రూపాయి బిళ్ళంత చోటు ఖాళీ. డైరీ వెన్ను సన్నగా, 8 మిల్లీమీటర్లు. పేజీల అంచులకు ఎరుపు రంగు పూసి ఉంది, ఆ రంగు కింది రెండు మూడు కాగితాల చివర్లలోకి కొంచెం ఇంకింది.