ధైర్యం చెప్పే తొందర గురించి

మాధవి గారికి,

మీరు పంపిన మూడు కౌన్సెలింగ్ సెషన్ల రికార్డింగులూ విన్నాను. గోప్యతకు ఉన్న హద్దులు వివరించే తీరు, సమయపాలన బాగున్నాయి, వాటి జోలికి వెళ్లను. క్లయింటు బాధ బయటపడగానే మీరు ధైర్యం చెప్పేస్తున్నారు. ఈ ఉత్తరం దాని గురించే.

ముందుగా అత్యవసరమైనది. మొదటి సెషన్ చివర్లో క్లయింటు "పొద్దున్నే మెలకువ రాకపోతే బాగుండనిపిస్తుంది" అంటే, మీరు "అలా అనకూడదండీ" అన్నారు. నిన్న ఫోన్‌లో అనుకున్నట్టు ఈరోజే ఆయనతో మాట్లాడండి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. వస్తోందంటే ఎంత తరచుగా, ఎలా అనుకున్నారు, అందుకు కావలసినవి దగ్గరున్నాయా, ఇప్పుడు పక్కన ఎవరున్నారు, ఇవన్నీ తెలుసుకోండి. ఆ సంభాషణ ముగించకముందే నన్ను కలపండి.

ఇక రెండో సెషన్, 12వ నిమిషం. ఉద్యోగం పోయిన ఆవిడ "ఇంట్లో ఎవరి మొహమూ చూడలేకపోతున్నాను" అన్నారు. రెండు సెకన్లయినా ఆగకుండా "మీ తప్పేం లేదు, త్వరలోనే ఇంకోటి దొరుకుతుంది" అన్నారు మీరు. ఆవిడ "అవునండీ" అని దరఖాస్తుల సంగతికి వెళ్లిపోయారు. మీ నోట్సులో 'తేరుకున్నారు' అని ఉంది. నేననుకోవడం, ఆవిడ సిగ్గు గురించి నోరు విప్పబోయి మానేశారు. పైగా ఉద్యోగం దొరకడం మన చేతిలో లేదు. దొరక్కపోతే మీ మిగతా మాటల మీదా నమ్మకం పోతుంది.

అక్కడ "వాళ్ల మొహం చూడటమే కష్టంగా ఉంది" అని ఆవిడ మాటనే తిరిగి అప్పగించి ఆగితే చాలు. మౌనం వస్తే మనసులో ఐదు లెక్కపెట్టండి (మొదట్లో ఐదు చాలా పొడుగ్గా అనిపిస్తుంది). ఆ తర్వాత "చూసినప్పుడు లోపల ఏమవుతుంది?" అనండి. 'ఎందుకు' వద్దు, సంజాయిషీ అడిగినట్టుంటుంది.

మూడో సెషన్‌లో ఆరోగ్యం గురించి భయపడే అబ్బాయి "నాకేం కాదు కదా?" అని నాలుగుసార్లు అడిగాడు, నాలుగుసార్లూ "ఏం కాదు" అన్నారు. ఆ నిమ్మళం కాసేపే నిలుస్తుంది, మళ్లీ అడిగే అలవాటు మాత్రం బలపడుతుంది. డాక్టరు చెప్పిన ఫలితాన్ని ఒక్కసారి గుర్తుచేయడంలో తప్పు లేదు, అది సమాచారం. రెండోసారి అడిగితే "నేను ఏం కాదంటే ఎంతసేపు నిమ్మళంగా ఉంటుంది?" అని అతన్నే లెక్క చూసుకోనివ్వండి.

గురువారానికి రెండో సెషన్ 10 నుంచి 20వ నిమిషం దాకా మాట పొల్లుపోకుండా రాసుకురండి. ధైర్యం చెప్పిన ప్రతి వాక్యం కింద గీత గీసి, ఆ క్షణంలో మీకేమనిపించిందో పక్కన రాయండి. కన్నీళ్లు కనిపించిన చోటే మీ గొంతు వేగం పెరుగుతోందని నా అనుమానం. అది నిజమో కాదో కలిసి వింటూ చూద్దాం.

మీ సూపర్‌వైజర్