నిన్నటి జవాబులు మళ్లీ రాస్తున్నాను

లావణ్యా,

నిన్న 20వ తేదీ, జీఎస్టీ రిటర్న్ వేసే హడావిడిలో నువ్వడిగిన వాటికి వాట్సాప్‌లో విసురుగా జవాబిచ్చాను. పొద్దున చదువుకుంటే నాకే బాగాలేదు. పైగా ఒక్కదానిలోనూ విషయం లేదు కాబట్టి నువ్వు మళ్లీ అడగాల్సొచ్చింది, నేను మళ్లీ పని ఆపాల్సొచ్చింది. మూడూ తిరిగి రాస్తున్నాను, దాచుకో.

"సార్, రంగుల డీలరు బిల్లు చేతిలో ఉంది, GSTR-2Bలో లేదు. క్రెడిట్ తీసుకోవచ్చా?" అన్నావు.
నేనన్నది: "ఇది కూడా తెలీదా?"
అనాల్సింది: ఆ బిల్లు మీద కట్టిన పన్నుకి క్రెడిట్ ఈ నెల తీసుకోవద్దు. బిల్లు చేతిలో ఉన్నా సరే, 2022 జనవరి నుంచి 2Bలో, అంటే డీలర్లు వేసిన రిటర్న్‌ల నుంచి పోర్టల్ తయారుచేసే లిస్టులో, కనిపించిన క్రెడిట్టే తీసుకోవాలి. కనిపించలేదంటే ముందు డీలరుకే ఫోన్ చెయ్యి. తన అమ్మకాల రిటర్న్ GSTR-1ని 11వ తేదీ దాటాక వేశాడా? అయితే వచ్చే నెల 14న తయారయ్యే 2Bలో అదే వస్తుంది. మూడు నెలలకోసారి వేసేవాడా? మధ్య నెలల బిల్లులు చూపించే IFFలో దీన్ని ఎక్కించకపోతే ఆ త్రైమాసికం రిటర్న్ వేసేదాకా ఆగాలి. మన జీఎస్టీ నంబరు తప్పు కొట్టాడా? అప్పుడు ఎంత ఆగినా రాదు, అతనే సరిచేయాలి. నాకు మూడోసారి ఇదే జరిగింది, అంకె తారుమారు. ఏదైనా సరే, పెండింగ్ షీట్‌లో కారణంతో సహా రాసిపెట్టు.

"హైదరాబాద్ బిల్లులో IGST ఒక్కటే ఉందేంటి సార్?"
నేనన్నది: "గూగుల్‌లో చూసుకో."
అనాల్సింది: బిల్లు సరిగ్గానే ఉంది. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు చూడు. 36 తెలంగాణ, మన ఆంధ్రప్రదేశ్‌ది 37. సరుకు రాష్ట్రం దాటి మన కొట్టుకొస్తే IGST. రెండు వైపులా 37 ఉండి, సరుకు ఇక్కడిక్కడే దిగితే CGST, SGST సగం సగం: 18 శాతం అయితే 9, 9. ఒకే కంపెనీకి రెండు రాష్ట్రాల్లోనూ నంబర్లుండొచ్చు, పేరు చూసి ఎంట్రీ వెయ్యకు. బిల్లు ఒకరికి, సరుకు ఇంకొకరికి వెళ్తే మాత్రం నాకు చూపించు.

"ఓటీపీ రావట్లేదు సార్."
నేనన్నది: "మళ్లీ మొదలెట్టావా!"
అనాల్సింది: అది ఓనరు గారి ఫోన్‌కి వెళ్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆయన నిద్ర. పన్నెండులోపు కానిచ్చెయ్.

ఇకపై 18, 19, 20 తేదీల్లో ప్రశ్నలన్నీ ఒకచోట రాసి సాయంత్రం నాలుగింటికి ఒకేసారి పంపు. బిల్లు ఫొటో, నువ్వేమనుకుంటున్నావో ఒక్క లైను ఉంటే చాలు, నేను అవును, కాదు అని చెప్పేస్తాను. ఫైలింగ్ ఆగిపోయిందంటే మాత్రం మెసేజ్ వద్దు, వెంటనే ఫోన్ చెయ్యి.