వార్డెన్ గారికి: చర్మంపై దద్దుర్లు, వేరు పడక గురించి విన్నపం

గౌరవనీయులైన వార్డెన్ గారికి,

నమస్కారములు. నేను రెండవ అంతస్తులోని 14వ గదిలో ఉంటున్న విద్యార్థినిని. పది రోజులుగా నా వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ సన్నని ఎర్రటి పొక్కులు లేచి, పగటికంటే రాత్రి పడుకున్నాక విపరీతంగా దురద పెడుతున్నాయి. ఎడమచేతి చూపుడు వేలి పక్కన గోరుతో గీసినంత సన్నని వంకర గీత కూడా కనిపిస్తోంది. ఇది గజ్జి కావచ్చునని నా అనుమానం. డాక్టరు చూసి నిర్ధారించవలసి ఉంది.

గదిలో నలుగురం ఉంటున్నాం. మంచాలు ఆనుకుని ఉండటం వల్ల దుప్పట్లు ఒకరివి ఒకరికి తగులుతూనే ఉంటాయి. గజ్జి మొదటిసారి సోకినవారికి దురద మొదలు కావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు కాబట్టి, నా గదిలోని వారికి ఇప్పుడు ఏమీ లేదని నిశ్చింతగా ఉండలేకపోతున్నాను.

అందువల్ల రేపు ఉదయం డాక్టరు వద్దకు వెళ్లేందుకు అనుమతి ఇచ్చి, చికిత్స పూర్తయ్యేవరకు నాకు వేరే మంచం, పరుపు, దుప్పటి, దిండు ఏర్పాటు చేయించవలసిందిగా కోరుతున్నాను. నేను వాడిన బట్టలను, దుప్పట్లను మిగతావాటితో కలపకుండా వేడినీళ్లలో ఉతకడానికి, ఉతకలేని వాటిని ప్లాస్టిక్ సంచిలో వారం రోజులపాటు మూటకట్టి ఉంచడానికి అవకాశం కల్పించండి. గజ్జి అని తేలితే, గదిలో అందరికీ ఒకేసారి మందు రాయించడం అవసరం. ఒక్కరు మిగిలినా మళ్లీ మొదటికి వస్తుంది.

ఈ విషయం తోటివారిలో ప్రచారం కాకుండా చూడమని, నా గదిలోని వారికి మాత్రం నా ఎదుటే చెప్పమని ప్రార్థిస్తున్నాను. వాళ్లకు చెప్పకుండా దాచడం నాకు ఇష్టం లేదు.

ఇట్లు,
మీ విధేయురాలు,
14వ గది, కిటికీ పక్క మంచం